సోమవారం అంకె గురువారానికి ఎందుకు మారింది?

మార్చి నెలలో వరంగల్ ఎనుమాముల మార్కెట్ నిండా మిర్చే. ఆ రోజు ఎన్ని క్వింటాళ్లు అమ్ముడైంది, సగటున క్వింటాలుకు ఎంత పలికింది అన్న రెండు అంకెల కోసం రైతులు, అడ్తిదారులు, ఖరీదుదారులు, కోల్డ్ స్టోరేజీల వాళ్లు అందరూ చూస్తుంటారు. అలాంటి రోజువారీ నివేదిక తయారుచేసే చోట ఒక చిక్కు తప్పకుండా ఎదురవుతుంది. సోమవారం రాత్రి చూపించిన సోమవారం అంకె ఒకటి, గురువారం చూస్తే కనిపించే సోమవారం అంకె ఇంకొకటి. మధ్యలో డేటా రెండు మూడుసార్లు రిఫ్రెష్ అయింది, పాత అంకె మీద కొత్తది వచ్చి కూర్చుంది. మొదట ఎంత చూపించామో చెప్పమంటే ఎవరి ఫోన్లోనైనా స్క్రీన్‌షాట్ ఉందేమో వెతుక్కోవాల్సిందే.

అంకె మారడంలో తప్పేమీ లేదు. కొత్త సమాచారం వచ్చినా మారకుండా మొండిగా కూర్చున్న అంకెనే అనుమానించాలి. అసలు ఇబ్బంది వేరే ఉంది. పాత అంకె మారడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, సరుకు లెక్క ఆలస్యంగా వచ్చి చేరడం. రెండోది, ముందే వచ్చిన లెక్కలో తప్పును దిద్దడం. ఈ రెండింటి స్వభావం వేరు, వాటిని వాడుకోవాల్సిన పద్ధతీ వేరు. కానీ పాతదాన్ని చెరిపేసి కొత్తది రాసే రిఫ్రెష్‌కు ఈ తేడా తెలియదు. దానికి రెండూ ఒకటే.

ఒక లెక్క వేసుకుని చూద్దాం. అంకెలు విషయం అర్థం కావడానికి అనుకున్నవే, ఏ మార్కెట్ రికార్డు నుంచీ తీసినవి కావు.

2025 మార్చి 3, సోమవారం. రాత్రి 8 గంటల నివేదికలో తేజ రకం మిర్చి 8,000 క్వింటాళ్లు, సగటు ధర 13,000 రూపాయలు అని వచ్చింది. ఆ రోజు ఒక కాంటా దగ్గర ట్యాబ్‌కు నెట్‌వర్క్ లేదు. అక్కడ తూకమైన 600 క్వింటాళ్ల వివరాలు ట్యాబ్‌లోనే ఉండిపోయి, మంగళవారం పొద్దున సిగ్నల్ దొరికాక సర్వర్‌కు చేరాయి. వాటి సగటు ధర 12,000. దాంతో సోమవారం అంకె 8,600 క్వింటాళ్లు, 12,930 రూపాయలు అయింది. గురువారం అమ్మకం చీటీలైన తక్‌పట్టీలతో సరిచూస్తుంటే ఒక లాటు దగ్గర తేడా దొరికింది. క్వింటాలు 14,600 చొప్పున పోయిన 50 క్వింటాళ్ల లాటును ఎవరో 500 అని కొట్టారు. దాన్ని సరిచేస్తే 450 క్వింటాళ్లు తగ్గాయి. సోమవారం అంకె ఇప్పుడు 8,150 క్వింటాళ్లు, సగటు 12,838 రూపాయలు.

గురువారం సాయంత్రం మొదటి అంకెనూ చివరి అంకెనూ పక్కపక్కన పెడితే తేడా 150 క్వింటాళ్లే. రెండు శాతం కూడా లేదు. పెద్దగా ఏమీ మారలేదని ఎవరైనా అంటారు. నిజానికి ఒక్క రోజు లెక్కలోకే 600 ఆలస్యంగా వచ్చింది, 450 తప్పుగా ఎక్కి తర్వాత పోయింది. రెండు పెద్ద కదలికలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని చిన్న తేడాగా మిగిలాయి. మొదటి, చివరి స్క్రీన్‌షాట్లు రెండూ దాచుకున్నా ఇది బయటపడదు. ధర దగ్గర మాత్రం కొంచెం అనుమానం వస్తుంది, ఎందుకంటే రెండు మార్పులూ సగటును కిందికే లాగాయి. క్వింటాలు మీద 162 రూపాయలు తగ్గింది.

వారం తర్వాత, మార్చి 10 సోమవారం రాత్రి, మొదటి అంకె 8,100 క్వింటాళ్లు అని వచ్చిందనుకుందాం. డాష్‌బోర్డులో పోయిన సోమవారం దగ్గర 8,150 కనిపిస్తోంది. వెంటనే 'మిర్చి రాక తగ్గింది' అన్న బాణం గుర్తు ఎర్రగా వెలుగుతుంది. కానీ ఈ సోమవారానికి రావాల్సిన ఆలస్యపు లెక్కలు ఇంకా రానేలేదు. పోయిన సోమవారానికి అవన్నీ వచ్చేశాయి. పూర్తిగా నిండిన వారాన్ని సగం నిండిన వారంతో పోలుస్తున్నాం. ఆలస్యంగా వచ్చే డేటాతో గీసిన ఏ గ్రాఫ్‌లోనైనా చివరి కొస కిందికి వంగి ఉంటుంది. అది పడిపోవడం కాదు, ఇంకా రాకపోవడం. ప్రతివారం చివర్లో అదే వంపు కనిపించి, మరుసటి వారానికి సర్దుకుపోతుంటే జబ్బు ఇదేనని గుర్తుపట్టవచ్చు.

మరి మొదటి అంకెను మొదటి అంకెతోనే పోలిస్తే సరిపోతుందా? అప్పుడు 8,000 నుంచి 8,100, కొద్దిగా పెరిగిందన్నమాట. చాలామంది ఇక్కడితో ఆగుతారు. కానీ ఆ 8,000 లోపల 450 క్వింటాళ్ల టైపింగ్ తప్పు ఉంది. ప్రతి సోమవారం రాత్రికీ కొంత లెక్క రాకుండా మిగలడం మామూలే, అది ఈ వారమూ ఉంటుంది. 50ని 500 అని కొట్టడం మాత్రం ప్రతివారం జరిగేది కాదు. అందువల్ల పోలిక ఇలా ఉండాలి: ఆలస్యాన్ని ఉన్నచోటే ఉంచి, తప్పును మాత్రం తీసేయాలి. అంటే పోయిన సోమవారం రాత్రి 8 గంటలకు చేతికొచ్చిన లాట్లనే తీసుకుని, వాటిలో తర్వాత తేలిన తప్పులను దిద్ది చూడాలి. అది 7,550. అప్పుడు 7,550 నుంచి 8,100కు, ఏడు శాతం పైన పెరిగింది. ఒకే సరుకు మీద మూడు జవాబులు: తగ్గింది, కాస్త పెరిగింది, బాగానే పెరిగింది. మూడోది చెప్పాలంటే ఏ మార్పు ఆలస్యం వల్ల వచ్చిందో, ఏది దిద్దుబాటు వల్ల వచ్చిందో లాటు లాటుకూ తెలిసి ఉండాలి. చెరిపి రాసే పట్టికలో ఆ సమాచారమే ఉండదు.

రెండు తేదీలు

దీనికి మందు కొత్తదేమీ కాదు. బ్యాంకు పాస్‌బుక్‌లో లావాదేవీ తేదీ, విలువ తేదీ అని రెండు ఉన్నట్టే, ఇక్కడా ప్రతి లాటుకూ రెండు తేదీలుండాలి. అమ్మకం జరిగిన తేదీ ఒకటి, ఆ సంగతి మన పట్టికకు తెలిసిన సమయం రెండోది. ఏ వరుసనూ చెరపకూడదు. లాటులో ఏ మార్పు వచ్చినా కొత్త వరుసగా కింద చేర్చాలి. రద్దయిన లాటును కూడా తీసేయకుండా, 'రద్దు' అన్న గుర్తుతో ఇంకో వరుస వేయాలి. అప్పుడు 'సోమవారం రాత్రి 8 గంటలకు సోమవారం అంకె ఎంత?' అన్న ప్రశ్నకు ఎప్పుడడిగినా ఒకే జవాబు వస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అయితే ఇలా:

```sql
SELECT sum(qty), sum(qty * rate) / sum(qty)
FROM (
  SELECT DISTINCT ON (lot_id) *
  FROM lot_history
  WHERE recorded_at <= '2025-03-03 20:00+05:30'
  ORDER BY lot_id, recorded_at DESC
) t
WHERE sale_date = '2025-03-03'
  AND NOT is_deleted;
```

లోపలి భాగం ప్రతి లాటుకూ ఆ సమయానికి తెలిసిన చివరి రూపాన్ని తీస్తుంది. బయటి భాగం వాటిలో సోమవారానివి ఏరుతుంది. ఈ క్రమం తప్పకూడదు. చూడ్డానికి పొదుపుగా ఉందని `sale_date` షరతును కూడా లోపలికి తోసేస్తే ఒక గమ్మత్తైన పొరపాటు జరుగుతుంది. సోమవారం కింద ఎక్కిన ఒక లాటు నిజానికి మంగళవారం అమ్ముడైందని తేలి, తేదీ దిద్దారనుకుందాం. సోమవారం కోసం అడిగితే, కొత్త వరుస మంగళవారానిది కాబట్టి అది లోపలే వడగట్టుకుపోతుంది, పాత సోమవారం వరుసే 'చివరిది' అయి కూర్చుంటుంది. మంగళవారం కోసం అడిగితే కొత్త వరుస వస్తుంది. లాటు ఒకటే, లెక్కలోకి రెండుసార్లు వచ్చింది. రద్దు గుర్తును లోపల పెట్టినా ఇంతే, రద్దయిన లాటు మళ్లీ లేచి వస్తుంది. రోజువారీ అంకెలన్నీ కూడి, వారం మొత్తంతో సరిచూస్తే ఈ తప్పు పట్టుబడుతుంది. రోజుల మొత్తం ఎక్కువ వస్తోందంటే ముందు ఇక్కడే వెతకాలి.

`recorded_at` దగ్గరా ఒక జాగ్రత్త కావాలి. అది మన సర్వర్‌కు వరుస చేరిన సమయం కావాలి, ట్యాబ్ వేసిన ముద్ర కాకూడదు. పై ఉదాహరణలో సిగ్నల్ లేని ట్యాబ్, తూకాలకు సోమవారం మధ్యాహ్నం సమయమే వేస్తుంది. దాన్నే నమ్మితే, సోమవారం రాత్రి అంకె ఎంత అని తర్వాత అడిగినప్పుడు ఆ 600 క్వింటాళ్లు కూడా కలిసి 8,600 అని జవాబు వస్తుంది. ఆ రాత్రి నివేదికలో ఉన్నది 8,000 అయితే, మన చరిత్రే అబద్ధం చెబుతోందన్నమాట. ట్యాబ్ సమయాన్ని పారేయనక్కర్లేదు, వేరే గడిలో ఉంచుకోవచ్చు. ఏ కాంటా ఎంత ఆలస్యం చేస్తోందో తెలుసుకోవడానికి రెండింటి తేడా బాగా పనికొస్తుంది.

ఇక మార్పు ఏ జాతిదో గుర్తించడం. `lot_id` మొదటిసారి కనిపిస్తూ, ఆ రోజు నివేదిక వెళ్లిపోయి ఉంటే అది ఆలస్యం. ఉన్న లాటుకే కొత్త వరుస వస్తే దిద్దుబాటు. ఇంత తేలికైతే ఎంత బాగుండు! కొన్ని వ్యవస్థల్లో తప్పు లాటును సరిచేసే వీలుండదు. పాతదాన్ని రద్దు చేసి, కొత్త నంబరుతో మళ్లీ ఎక్కించాలి. అప్పుడు మన పట్టికలో ఒక రద్దు, ఒక 'ఆలస్యపు' లాటు కనిపిస్తాయి. నిజానికి అవి రెండూ కలిపి ఒక్క దిద్దుబాటు. గేటు దగ్గర ఇచ్చే ఎంట్రీ నంబరు రెండింటికీ ఒకటే ఉంటుంది కాబట్టి దాంతో జత కలపాలి. ఆ నంబరు మనకొచ్చే ఫైల్లో లేకపోతే అడిగి తెప్పించుకోవడం మేలు. అడ్తిదారు పేరు, బస్తాల సంఖ్య పట్టుకుని ఊహించి జతచేయడం సీజన్‌లో కుదిరే పని కాదు, ఒకే అడ్తి కింద ఒకే రోజు నలభై బస్తాల లాట్లు ఎన్నో ఉంటాయి.

రిఫ్రెష్ ఎంత వెనక్కి వెళ్లాలి

ప్రతి రాత్రీ సీజన్ మొత్తం డేటా మళ్లీ తెచ్చుకోవడం బరువని, చాలాచోట్ల చివరి ఏడు రోజులే తెస్తారు. డాష్‌బోర్డులు తయారుచేసే పవర్ బీఐలో ఇంక్రిమెంటల్ రిఫ్రెష్ చేసేదీ ఇలాంటిదే. పెట్టుకున్న గడువులోపలి రోజులను మళ్లీ తెచ్చుకుంటుంది, గడువు దాటినవాటి జోలికి వెళ్లదు. దీనివల్ల రెండు వైపులా దెబ్బే. గడువు లోపలి పాత అంకెలు చెరిగిపోతాయి. గడువు దాటాక వచ్చిన దిద్దుబాట్లు అసలు చేరవు. ఎనిమిదో రోజు సరిచేసిన లాటు మూల రికార్డులో ఒకలా, డాష్‌బోర్డులో ఒకలా ఎప్పటికీ ఉండిపోతుంది.

ఏడు రోజులు అన్న సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఎక్కువసార్లు జవాబు ఉండదు. గుండ్రంగా ఉందని పెట్టుకున్నదే. `recorded_at` దాచుకుంటే దాన్ని కొలిచి పెట్టుకోవచ్చు. అమ్మకం జరిగిన రోజు రాత్రికి ఎంత శాతం సరుకు లెక్కకొచ్చింది, మర్నాటికి ఎంత, మూడు రోజులకు ఎంత, వారానికి ఎంత అని ఒక పట్టిక వేస్తే ఎక్కడ ఆగుతుందో కళ్లకు కడుతుంది. పట్టికలో అడ్డంగా అమ్మకం తేదీలు, నిలువుగా ఆ తేదీకి గడిచిన రోజులు పెట్టుకోవాలి. కొత్త తేదీలకు కింది గడులు ఖాళీగా ఉంటాయి, కాబట్టి ఆకారం త్రికోణంలా వస్తుంది. వాహన, ఆరోగ్య బీమా కంపెనీలు ఆలస్యంగా వచ్చే క్లెయిములను అంచనా వేసేది ఇలాంటి త్రికోణంతోనే. ఆలస్యపు లాట్లు మూడు రోజుల్లో దాదాపు అయిపోయి, దిద్దుబాట్లు మాత్రం నెలాఖరులో తక్‌పట్టీల తనిఖీ జరిగినప్పుడు గుంపుగా వస్తున్నాయని తేలితే, రోజూ నాలుగు రోజులు వెనక్కి వెళ్తే చాలు. దానికి తోడు వారానికో, నెలకో ఒకసారి సీజన్ మొత్తాన్ని పోల్చాలి. చెరిపి రాసిన పట్టిక నుంచి ఈ త్రికోణం గీయలేం. చరిత్ర దాచడం మొదలుపెట్టిన రోజు నుంచే అది పెరుగుతుంది.

కొత్తగా వచ్చిన ఫైల్లో ఒక లాటు కనిపించకపోతే దాన్ని రద్దుగా అనుకోవాలా వద్దా అన్నది ఇక్కడ అన్నిటికంటే ప్రమాదకరమైన ప్రశ్న. మూలం రద్దులను విడిగా చెప్పకపోతే, లేకపోవడాన్నే రద్దుగా తీసుకోవాల్సి వస్తుంది. కానీ డౌన్‌లోడ్ మధ్యలో తెగి సగం ఫైలే వచ్చిన రోజున, మిగతా సగం సరుకంతా రద్దయినట్టు ఎక్కుతుంది. కాబట్టి ఒక ఆనకట్ట కావాలి. ఇప్పటికే ముగిసిన రోజుకు లాట్ల సంఖ్య ఉన్నట్టుండి ఐదు శాతానికి మించి తగ్గితే, ఆ ఫైలును పక్కన పెట్టి మనిషికి చూపించాలి, నిన్నటి అంకెలే నిలబెట్టాలి. ఐదు శాతమే అని శాస్త్రమేమీ లేదు, పైన చెప్పిన త్రికోణం చూసి మామూలుగా ఎంత ఊగుతుందో దాన్ని బట్టి పెట్టుకోవాలి.

ఆపడమంటే పారేయడం కాదని గుర్తుంచుకోవాలి. అసాధ్యంగా కనిపించే అంకెను తనంతట తానే కొట్టేసే నియమం పెట్టుకుంటే నష్టపోతాం. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అంతకు ముందటి రికార్డులు చూసి 'ఇంత వాన ఎక్కడా పడదు' అని హద్దు గీసిన ప్రోగ్రామ్ ఏదైనా ఉండి ఉంటే, సరైన రీడింగునే తప్పని తీసేసేది. 500 క్వింటాళ్ల లాటు అనుమానించదగ్గదే, తక్‌పట్టీ చూశాకే దాని మీద చెయ్యి వేయాలి.

చదివేవాళ్లకు ఏం చెప్పాలి

చరిత్ర అంతా లోపల భద్రంగా ఉన్నా, బయటి అంకె చడీచప్పుడు లేకుండా మారితే జనానికి నమ్మకం పోతుంది. దేశంలో టోకు ధరల సూచీకి ఉన్న పద్ధతి చూడండి. నెల అంకె మొదట తాత్కాలికమని చెప్పే విడుదల చేస్తారు, 10 వారాల తర్వాత తుది అంకె ఇస్తారు. ఎప్పుడు మారుతుందో ముందే తెలుసు కాబట్టి మారినప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు. మార్కెట్ నివేదికకూ ఇదే సరిపోతుంది. సోమవారం రాత్రి అంకె పక్కన 'తాత్కాలికం' అని, నాలుగో రోజు అంకె పక్కన 'సవరించినది' అని, నెల తనిఖీ అయ్యాక 'తుది' అని ఉంటే చాలు. మారినప్పుడు ఒక్క వాక్యం చాలు: 'మార్చి 3 అమ్మకాలు 8,000 నుంచి 8,150 క్వింటాళ్లకు సవరించాం. ఆలస్యంగా చేరినవి 600, నమోదు తప్పు వల్ల తీసేసినవి 450.' నికర తేడా 150 అని మాత్రమే రాస్తే నిజమే కానీ, అందులో చదివేవాడికి పనికొచ్చేది ఏమీ లేదు.

చిన్న మార్పులన్నిటికీ ఇలా ప్రకటనలు చేస్తూ పోతే ఎవరూ చదవరు కూడా. ఎంత మారితే ప్రకటన ఇవ్వాలో హద్దు పెట్టుకోవచ్చు. అయితే ఆ హద్దును నికర తేడా మీద పెట్టకూడదు. పెరిగినదాన్నీ తగ్గినదాన్నీ విడివిడిగా కూడి చూడాలి. మన ఉదాహరణలో నికరం 150, కదిలింది 1,050. రెండు శాతం హద్దు నికరం మీద పెడితే ఈ సోమవారం ఎవరి కంటా పడకుండా దాటిపోతుంది.

మోడల్ ధర విషయంలో అదనంగా ఒక మాట రాయాల్సి వస్తుంది. ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అదే మోడల్ ధర. అది సగటులా మెల్లగా జరగదు, ఒక్కసారిగా గెంతుతుంది. 13,200 దగ్గరా 12,500 దగ్గరా దాదాపు సమానంగా సరుకు పోయిన రోజున, ఆలస్యంగా వచ్చిన ఒక్క కాంటా లెక్కతో మోడల్ ధర 700 రూపాయలు కిందికి దూకవచ్చు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు. కానీ తనకు ఎక్కువ ధర రావాల్సి ఉండెనని సోమవారం అంకె పట్టుకుని అడ్తిదారుతో తగాదా పడ్డ రైతుకు ఇది ఎవరు చెప్పాలి? తాత్కాలిక నివేదికలో మోడల్ ధర ఒక్కటే ఇవ్వకుండా, కనిష్ఠ, గరిష్ఠ, సగటు ధరలతో కలిపి ఇస్తే ఆ గెంతు అంత నొప్పి పెట్టదు.

డబ్బు కట్టేసిన లెక్కల సంగతి వేరు. ఒక తేదీ అంకె ఆధారంగా మార్కెట్ ఫీజో, హమాలీ లెక్కో, బీమా లెక్కో తేలిపోయి, పుస్తకం మూసేసి ఉంటే, సవరణ వచ్చిందని ఆ పుస్తకం తెరవకూడదు. మన 450 క్వింటాళ్ల తప్పు మార్చి పుస్తకం మూసేశాక ఏప్రిల్‌లో బయటపడిందనుకుందాం. పాత నెల అలాగే ఉండాలి. తేడాను ఈ నెలలో 'మార్చి 3కు సంబంధించిన సర్దుబాటు' అని వేరే పద్దుగా రాసుకోవాలి. విశ్లేషణ కోసం మాత్రం ఆ 450 క్వింటాళ్లు మార్చి 3 నుంచే పోవాలి. ఒకే దిద్దుబాటు లెక్కల పుస్తకంలో ఏప్రిల్‌లో, గ్రాఫ్‌లో మార్చిలో కనిపిస్తుంది. రెండూ సరైనవే. రెండు తేదీలు దాచుకున్న పట్టిక నుంచి ఏది కావాలంటే అది తీయొచ్చు.

కొన్ని మూలాలు లాట్లు ఇవ్వవు, రోజుకొక మొత్తం మాత్రం ఇస్తాయి. అక్కడ ఇంత లోతుగా వెళ్లడం కుదరదు. రోజూ ఆ మొత్తాన్ని, తెచ్చుకున్న సమయంతో సహా, చెరపకుండా కింద చేర్చుకుంటూ పోవడం ఒక్కటే దారి. సోమవారం అంకె 8,000, 8,600, 8,150 అని మారిన క్రమం తెలుస్తుంది. తరచుగా తెచ్చుకునే కొద్దీ కదలికలు ఎక్కువ పట్టుబడతాయి. గురువారం ఒక్కసారే తెస్తే మధ్యలోని 8,600 జారిపోతుంది. పెరిగిన అంకె ఆలస్యం వల్ల, తగ్గిన అంకె దిద్దుబాటు వల్ల అని ఉజ్జాయింపుగా అనుకోవచ్చు. ఒకే రాత్రి రెండూ జరిగితే మాత్రం విడదీయడం ఎవరి తరమూ కాదు, మార్కెట్ ఆఫీసుకు ఫోన్ చేసి అడగాల్సిందే.